డాష్‌బోర్డు ఎర్రబడితే ఎవరు కదలాలి?

డాష్‌బోర్డును పరీక్షించడానికి సాఫ్ట్‌వేరు తెలియనక్కర్లేదు. తెరను ఒక కాగితం మీద ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని, దాన్ని చూసి నిర్ణయాలు తీసుకునే నలుగురితో విడివిడిగా మాట్లాడగలిగితే చాలు. చాలా సంస్థల్లో ఈ పని ఎవరి బాధ్యతా కాదు. తయారుచేసినవాళ్లు అంకెలు వస్తున్నాయా లేదా అని చూస్తారు. యజమాని తెర బాగుందా లేదా అని చూస్తాడు. దాన్ని చూసిన మనిషి ఎక్కడ పొరబడతాడు అన్నది ఎవరూ చూడరు. ఈ అధ్యాయంలో మనం చేయబోయేది అదే.

ఉదాహరణకు ఒక పాల డెయిరీని తీసుకుందాం. రోజుకు సుమారు 40,000 కిలోల పాలు సేకరించి, ఆరు చిల్లింగ్ సెంటర్ల మీదుగా ప్లాంటుకు తెచ్చి, ఎక్కువ భాగం అరలీటరు ప్యాకెట్లు చేసి, మిగతావి పెరుగుకూ నెయ్యికీ మళ్లించే మధ్యతరహా సంస్థ. కోస్తా జిల్లాల్లో ఇలాంటి డెయిరీలు చాలా ఉన్నాయి. ఇక్కడ వాడిన అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావాలని నేను కూర్చుకున్నవి, ఏ ఒక్క డెయిరీవీ కావు. పాల లెక్క ఎంచుకోవడానికి కారణం ఉంది. పాలు సాయంత్రానికి పాడైపోయే సరుకు కాబట్టి, తెర మీద తప్పు జరిగితే దాని ఖర్చు అదే రోజు బయటపడుతుంది.

అంకె పక్కన మనిషి పేరు

ఈ డెయిరీ ఎండీ గదిలో టీవీ మీద 34 గడులున్నాయి అనుకుందాం. మొదట్లో ఎనిమిదే ఉండేవి. ప్రతి నెలా సమీక్షలో ఎవరో ఒకరు "అది కూడా పెట్టండి సార్, ఒకచోట కనిపిస్తుంది" అనడం, అది తెరకెక్కడం జరుగుతూ వచ్చింది. తీసేయమని అడిగినవాళ్లు లేరు. డీజిల్ ఖర్చు, నెయ్యి స్టాకు, హాజరు, రైతుల సంఖ్య, నెలవారీ అమ్మకాలు, ప్యాకింగ్ ఫిల్మ్ నిల్వ, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన కూర్చున్నాయి.

మనిషి ఒక్కసారి చూసి మనసులో నిలుపుకోగలిగేవి చాలా తక్కువ. నెల్సన్ కోవన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2001లో ప్రచురించిన వ్యాసంలో ఆ పరిమితి నాలుగు దగ్గర ఉంటుందని వాదించాడు. 34 గడులున్న తెరను ఎవరూ 34 గడులుగా చదవరు. కంటికి ఎర్రగా కనిపించినవాటినో, తమ విభాగానికి సంబంధించినవాటినో చూసి ఊరుకుంటారు. అంటే ఏది ముఖ్యమో తెర తయారుచేసినవాళ్లు తేల్చకుండా వదిలేసిన పనిని రోజూ చూసేవాళ్లే హడావిడిలో చేసుకుంటున్నారన్నమాట.

అందుకని గడులను లెక్కపెట్టడంతో మొదలుపెట్టకండి. ముందు నిర్ణయాలను లెక్కపెట్టండి. ఈ డెయిరీలో రోజూ తప్పనిసరిగా తీసుకోవలసిన నిర్ణయాలు మూడే. ఏజెంట్ల ఇండెంట్లు అందాక, రేపటికి పాలు చాలుతాయా, తక్కువైతే పక్క డెయిరీ నుంచి కొనాలా, ఎక్కువైతే పౌడరు ప్లాంటుకు పంపాలా అన్నది మొదటిది. ఏ చిల్లింగ్ సెంటర్‌కు ఈరోజు మనిషిని పంపాలి అన్నది రెండోది. ఏ ఏజెంటుకు అరువు ఆపాలి అన్నది మూడోది.

ఇప్పుడు ప్రింటు తీసిన కాగితం మీద ప్రతి గడి పక్కనా మూడు విషయాలు రాయండి. ఈ అంకె చూసి కదలవలసిన మనిషి ఎవరు? అంకె ఎంత మారితే కదలాలి? కదిలి ఏం చేయాలి? మూడింటికీ జవాబు దొరికిన గడి మొదటి తెర మీద ఉండాలి. మనిషి దొరికినా, చేయవలసిన పని నెలకోసారి వచ్చేదైతే రెండో పేజీకి వెళ్లాలి. నెయ్యి స్టాకు, డీజిల్ ఖర్చు అలాంటివి. అసలు మనిషే దొరకని గడిని నెల రోజులు తెర మీద నుంచి తీసేసి చూడండి. ఎవరైనా అడిగితే, ఎందుకు అడిగారో కనుక్కుని వెనక్కి పెట్టండి. చాలా గడుల గురించి ఎవరూ అడగరు.

ఇలా చేస్తే ఈ డెయిరీ మొదటి తెర మీద ఏడు అంకెలు మిగులుతాయి: నేటి సేకరణ, ప్లాంటులో నిల్వ, రేపటి ఇండెంటు, సేకరణ సగటు ఫ్యాట్, సెంటర్ల వారీగా పాల తరుగు, తిరిగొచ్చిన ప్యాకెట్లు, గడువు దాటిన ఏజెంటు బకాయిలు. మొదటి మూడూ పక్కపక్కన ఉండాలి, ఎందుకంటే వాటిని కలిపి చూస్తే తప్ప కొనాలా పంపాలా అన్నది తేలదు. వేర్వేరు మూలల్లో పెడితే ఎండీ కాగితం మీద కూడికలు చేసుకోవాలి. డాష్‌బోర్డు పక్కన కాలిక్యులేటరు కనిపించిందంటే తెర అమరికలో లోపం ఉందని గట్టిగా అనుమానించండి.

కోతకు అభ్యంతరాలు వస్తాయి. తన విభాగం అంకె రెండో పేజీకి పోతే తన పని చిన్నబోయినట్టు కొందరికి అనిపిస్తుంది. ఆ బాధ నిజమైనదే, తీసిపారేయకూడదు. ఎవరి అంకె రెండో పేజీకి వెళ్లిందో వాళ్లతో ముందుగా మాట్లాడి, నెలవారీ సమీక్షలో ఆ పేజీని వాళ్ల చేతే చదివించండి.

ఒకే మాట, మూడు లెక్కలు

గడులు తగ్గాక ప్రతి గడి మీది పేరును చూడండి. మన డెయిరీలో ఒక గడి పేరు "అమ్మకాలు". జూన్ 12వ తేదీ అంకె ఎంత అని ముగ్గురిని అడిగారనుకోండి. సేల్స్ మేనేజర్ 62,000 ప్యాకెట్లంటాడు. డిస్పాచ్ వాళ్లు 60,800 అంటారు. అకౌంట్స్ మేడమ్ 60,390 అంటారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. మొదటిది ఏజెంట్లు ఇచ్చిన ఇండెంటు. రెండోది గేట్ పాస్ మీద బయటికి వెళ్లినది. మూడోది తిరిగొచ్చిన 410 ప్యాకెట్లు తీసేశాక బిల్లయినది. తెర మీద ఏది ఉందో ఎవరికీ ఖాయంగా తెలియదు. నెలాఖరు సమావేశంలో అరగంట ఈ తేడా మీదే గడిచిపోతుంది. ఇండెంటుకూ గేట్ పాస్‌కూ మధ్య 1,200 ప్యాకెట్లు ఎందుకు పంపలేకపోయాం అన్న అసలు ప్రశ్నకు టైము మిగలదు.

మాటకు అర్థం స్థిరపడిందో లేదో తేల్చడానికి నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష ఒకటే. ఒక పాత తేదీ ఎంచుకోండి. సంబంధిత రిజిస్టర్లు ఇద్దరికి ఇచ్చి, వాళ్లు మాట్లాడుకోకుండా, ఆ గడిలో ఉండాల్సిన అంకెను చేత్తో లెక్కకట్టమనండి. ఇద్దరి అంకె ఒకటైతే, అది తెర మీది అంకెతో కలిస్తే, ఆ పేరు ఉంచవచ్చు. కలవకపోతే లెక్క తప్పిందని ఎవరినీ అనకండి. ఎవరెవరు ఏం కలిపారు, ఏం వదిలేశారు అని రాసుకోండి. నిర్వచనం ఆ తేడాల్లోంచే బయటికొస్తుంది.

ఈ పరీక్షలో ఎక్కువగా చిక్కేవి కొలమానం, రోజు, సగటు. మూడూ చాలా మామూలు మాటలు కాబట్టి ఎవరూ వాటిని అనుమానించరు.

కొలమానం సంగతి చూడండి. రైతు దగ్గర పాలు చాలాచోట్ల కిలోల్లో తూస్తారు. ప్యాకింగ్ లీటర్లలో జరుగుతుంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40,000 కిలోలు సేకరించి, చుక్క పోకుండా ప్లాంటుకు తెచ్చినా, లీటర్లలో అది దాదాపు 38,835 మాత్రమే. తెర ఒక గడిలో కిలోలు, మరో గడిలో లీటర్లు తీసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 1,165 "తరుగు" పుట్టుకొస్తుంది. అంటే రోజూ మూడు శాతం. అది లేని పాలు. దాని కోసం ట్యాంకర్ డ్రైవర్‌ను నిలదీస్తారు, సెంటర్ ఇన్‌చార్జిని మారుస్తారు. తరుగు మాత్రం మర్నాడూ అంతే ఉంటుంది. ఏ మనిషిని మార్చినా, ఏ దారి మార్చినా కదలకుండా ఒకేలా ఉండే నష్టం కనిపిస్తే ముందు కొలమానాన్ని చూడండి. నిజమైన నష్టం ఒక రోజున్నట్టు ఇంకో రోజుండదు.

రోజు అన్న మాటా అంతే. సేకరణ వాళ్లకు 12వ తేదీ అంటే ఆ ఉదయం పూట, సాయంత్రం పూట పాలు. అమ్మకాల వాళ్లకు 12వ తేదీ అంటే 11వ తేదీ రాత్రి వ్యానులకెక్కి తెల్లవారుజామున ఇళ్లకు చేరిన ప్యాకెట్లు. అవి ముందు రోజు పాలు. రెండింటినీ ఒకే తేదీ కింద పోలిస్తే మామూలు రోజుల్లో తేడా తెలియదు. సంక్రాంతికి ముందు రెండు రోజులు పాలు, పెరుగు అమ్మకాలు ఎగిసినప్పుడు మాత్రం లెక్క అడ్డదిడ్డంగా కనిపిస్తుంది, సరిగ్గా నిర్ణయం తొందరగా తీసుకోవలసిన వేళలోనే.

ఇక సగటు. ఒక సెంటర్‌కు 10,000 కిలోల పాలు 6.0 శాతం ఫ్యాట్‌తో వచ్చాయి. ఇంకో సెంటర్‌కు 2,000 కిలోలు 7.2 శాతంతో వచ్చాయి. రెండు శాతాలనూ కూడి రెండుతో భాగిస్తే 6.6 వస్తుంది. కానీ ట్యాంకులో నిజంగా ఉన్న ఫ్యాట్ 600 కిలోలు, 144 కిలోలు కలిపి 744. దాన్ని 12,000తో భాగిస్తే 6.2 శాతమే. తెర 6.6 అని చెబితే, ప్యాకెట్లకు ప్రామాణిక ఫ్యాట్ కలపగా ఎంత వెన్న మిగులుతుందో వేసుకున్న అంచనా తప్పుతుంది, నెయ్యి ఆర్డరు ఒప్పుకుని తర్వాత ఇబ్బంది పడతారు. శాతాలను సగటు చేసిన ప్రతి గడినీ, అది ఏ వ్యాపారంలోదైనా, ఇలా విప్పి చూడండి.

నిర్వచనాన్ని ఎక్కడో ఫైల్లో దాచకండి. గడి కిందే చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండాలి. "అమ్మకాలు" అన్న పేరు తీసేసి "బిల్లయిన ప్యాకెట్లు" అని పెట్టి, కింద ఇలా రాయొచ్చు: "గేట్ పాస్ లోంచి రిటర్నులు తీసేసి; అరలీటరు ప్యాకెట్లు; రాత్రి 10 నుంచి మర్నాడు రాత్రి 10 వరకు." ఒక్క వాక్యంలో నిర్వచనం పట్టకపోతే ఆ అంకె లోపల రెండు అంకెలు కలిసిపోయి ఉండే అవకాశం ఎక్కువ. "యాక్టివ్ రైతులు" అలాంటిదే. సేకరణ వాళ్ల లెక్కలో నెలలో ఒక్కసారైనా పాలు పోసిన అందరూ ఉంటారు. అకౌంట్స్ లెక్కలో ఈ పదిరోజుల బిల్లులో డబ్బు అందుకున్నవాళ్లే ఉంటారు. రైతులు పక్క కేంద్రానికి తరలిపోతున్నారా అన్నది తెలుసుకోవాలంటే ఈ రెండూ పనికిరావు. గత బిల్లులో ఉండి ఈ బిల్లులో లేనివాళ్లు ఎంతమంది అన్నది కావాలి. అలా ఆ గడికి పేరుతో పాటు అంకె కూడా మారిపోతుంది.

రంగుకు గీత గీసింది ఎవరు

అంకె తప్పయితే ఎవరో ఒకరు అడుగుతారు. రంగు తప్పయితే అడిగేవాళ్లు తక్కువ, ఎందుకంటే రంగును చదవరు, చూసి నమ్మేస్తారు. ఎరుపు కనిపించిన చోటికి ఫోను వెళ్తుంది, ఆకుపచ్చ కనిపించిన చోట కన్ను ఆగదు. కాబట్టి ప్రతి రంగు దగ్గరా ఒకే ప్రశ్న వేయండి: ఎరుపుకూ పసుపుకూ మధ్య ఈ గీత ఎవరు గీశారు, ఏ అంకె దగ్గర?

చాలాసార్లు వచ్చే జవాబు, ఎవరూ గీయలేదు, ఎక్సెల్ గీసింది అని. మన డెయిరీలో ఆరు సెంటర్ల సేకరణ, లక్ష్యంలో ఎంత శాతం చేరింది అన్న పట్టిక ఉంది. దానికి ఎక్సెల్‌లో `Conditional Formatting` లోంచి `Icon Sets` తీసుకుని ట్రాఫిక్ లైట్లు పెట్టారు. మనం ఏ మార్పూ చేయకపోతే ఎక్సెల్ ఆ పట్టికలోని కనిష్ఠ అంకెనూ గరిష్ఠ అంకెనూ తీసుకుని, ఆ మధ్య దూరాన్ని 33 శాతం దగ్గర, 67 శాతం దగ్గర విడగొడుతుంది. సోమవారం సెంటర్లు 96, 97, 98, 98, 99, 100 శాతం తెచ్చాయి. ఆరూ బాగా చేసినట్టే. కానీ గీతలు సుమారు 97.3 దగ్గర, 98.7 దగ్గర పడ్డాయి కాబట్టి 96, 97 ఎర్రబడ్డాయి. మంగళవారం వాన కురిసి పాలు తగ్గాయి: 97, 90, 82, 78, 75, 70. ఇప్పుడు గీతలు దాదాపు 79 దగ్గర, 88 దగ్గర. 90 శాతం తెచ్చిన సెంటర్‌కు ఆకుపచ్చ వచ్చింది. నిన్న 97 ఎరుపు, ఈరోజు 90 ఆకుపచ్చ. ఈ రంగు పని ఎలా జరిగిందో చెప్పడం లేదు, పట్టికలో ఎవరు ముందు ఎవరు వెనక అన్నది మాత్రమే చెబుతోంది. ఎంత బాగా చేసినా రోజూ ఒకరు ఎరుపులో ఉండి తీరాలి. ఆ సెంటర్ ఇన్‌చార్జి రోజూ సంజాయిషీ చెప్పుకోవాలి.

సవరించడం కష్టం కాదు. `Manage Rules` తెరిచి, ఆ నియమం మీద `Edit Rule` నొక్కి, `Type` అన్న చోట `Percent` తీసేసి `Number` పెట్టి, మీరు ఒప్పుకున్న అంకెలు రాయాలి. గడిలో 97% అని కనిపిస్తుంటే అక్కడ 0.97 అని రాయాలి, లేకపోతే అన్నీ ఎర్రబడతాయి. ఏ అంకె దగ్గర గీత గీయాలి అన్నది ఎక్సెల్ చెప్పదు, సేకరణ మేనేజర్ చెప్పాలి.

అదే ఎక్సెల్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు `Color Scales` లో మొదట కనిపించేది పెద్ద అంకెను ఆకుపచ్చ చేస్తుంది. సేకరణకు అది సరే. తరుగు పట్టికకు కూడా అలవాటుగా అదే పెడితే ఎక్కువ పాలు పోగొట్టిన సెంటర్ పచ్చగా మెరుస్తుంది. తెర మీద ఏ అంకె పెరిగితే మంచిది, ఏది పెరిగితే చెడు అని ప్రింటు కాగితం మీద బాణం గుర్తుతో రాసుకుని, ఒక్కో రంగూ దానితో సరిపోల్చండి. ఫ్యాట్ లాంటివాటికి పైకీ కిందికీ రెండు వైపులా హద్దులుంటాయి. సగటు ఫ్యాట్ ఉన్నట్టుండి బాగా పెరిగినా సంతోషించే ముందు పరీక్ష యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడాలి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఖాళీ. ఒక సెంటర్‌లో నెట్ పోయి ఆ పూట తరుగు లెక్క రాలేదు. గడి ఖాళీగా ఉంది. "0.5 శాతం కంటే తక్కువైతే ఆకుపచ్చ" అన్న నియమం ఎక్సెల్‌లో ఖాళీ గడిని సున్నాగా చూస్తుంది, పచ్చరంగు వేస్తుంది. ఆ పూట అసలు ఏం జరిగిందో తెలియని సెంటర్ తెర మీద అందరికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ఖాళీకి బూడిదరంగు ఇచ్చే నియమాన్ని అన్నిటికంటే పైన పెట్టి, పక్కన `Stop If True` టిక్కు పెట్టండి:

```
=ISBLANK(B2)
```

గడిలో ఫార్ములా ఉండి సున్నా చూపిస్తుంటే ఇది పట్టదు. అప్పుడు సేకరణ గడి ఖాళీగా ఉందా అని చూసేలా నియమం రాయాలి. పరీక్షించడం మాత్రం సులువు: ఒక పాత కాపీలో ఒక సెంటర్ డేటా చెరిపేసి తెర ఏ రంగు చూపిస్తుందో చూడండి. ఏ సాఫ్ట్‌వేరులో చేసిన డాష్‌బోర్డుకైనా ఈ పరీక్ష పెట్టవచ్చు.

తర్వాత ఆ ప్రింటునే నలుపు-తెలుపులో తీయండి. ఎరుపు, ఆకుపచ్చ చాలాసార్లు ఒకే బూడిదరంగుగా వస్తాయి. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగ్గా కనపడనివారికి తెర ఇంచుమించు ఇలాగే అయోమయంగా ఉంటుంది. ఈ లోపం ఆడవారికంటే మగవారిలో చాలా ఎక్కువ. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవారిలో దాదాపు 8 శాతం మందికి ఉంది. మన దేశంలో అంతకంటే తక్కువే అయినా, ఒక సమావేశపు బల్ల చుట్టూ ఒకరు ఉండటం అసాధ్యమేమీ కాదు, వాళ్లు ఆ సంగతి బయటికి చెప్పకపోవచ్చు. రంగుతో పాటు "చూడాలి", "బాగుంది", "లెక్క రాలేదు" అని మాట కూడా ఉంటే అందరికీ సరిపోతుంది.

మామూలు హెచ్చుతగ్గులూ నిజమైన మార్పూ

గీత ఎవరో ఒక మనిషే గీశారు, అయినా రంగు తప్పుదారి పట్టిస్తోంది. ఇది ఎక్కువసార్లు లక్ష్యాన్ని హద్దుగా వాడినప్పుడు జరుగుతుంది. మన డెయిరీలో తిరిగొచ్చే ప్యాకెట్లు రోజుకు 400 దాటకూడదని ఎండీ అన్నారు. 400 దాటితే ఎరుపు. పది రోజుల అంకెలు ఇవి: 410, 380, 450, 395, 430, 370, 440, 400, 425, 400. ఐదు రోజులు ఎరుపు, ఐదు రోజులు ఆకుపచ్చ. ఎర్రబడ్డ ప్రతి రోజూ డిస్పాచ్ సూపర్‌వైజర్‌కు పిలుపు వస్తుంది. "నిన్న ఏమైంది?" "ఆ రూటులో ఎండ ఎక్కువండీ, లీకులు పడ్డాయి." మర్నాడు అంకె దానంతటదే తగ్గుతుంది, మందలింపు పనిచేసిందని అనుకుంటారు. నిజానికి ఏమీ మారలేదు.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన వాల్టర్ షూహార్ట్ 1924లో దీనికి దారి చూపించాడు. ఏ పనికైనా దాని సొంత హెచ్చుతగ్గులుంటాయి, అవి ఎంత మేర ఉంటాయో ఆ పని అంకెల నుంచే లెక్కకట్టాలి, ఆ మేర దాటినప్పుడే ప్రత్యేక కారణం కోసం వెతకాలి అన్నది ఆయన పద్ధతి. రోజుకొక అంకె వచ్చేచోట దాన్ని ఇలా చేస్తారు. ముందు సగటు: మన పది అంకెల మొత్తం 4,100, సగటు 410. తర్వాత ఒక రోజుకూ మర్నాటికీ తేడా, గుర్తు వదిలేసి: 30, 70, 55, 35, 60, 70, 40, 25, 25. వీటి మొత్తం 410, తొమ్మిదితో భాగిస్తే సగటు తేడా సుమారు 45.6. దాన్ని 2.66తో గుణిస్తే 121. సగటుకు కలిపితే పై హద్దు 531, తీసేస్తే కింది హద్దు 289.

అంటే ఈ డెయిరీ ఇప్పుడు నడుస్తున్న తీరులో రిటర్నులు 289కీ 531కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 450 వచ్చిన రోజుకూ 370 వచ్చిన రోజుకూ వేర్వేరు కారణాలు వెతకడం దండగ. 560 వస్తే మాత్రం ఆ రోజే ఎవరో ఒకరు ప్లాంటులోకి వెళ్లాలి: ప్యాకింగ్ మెషీన్ సీలింగ్ వేడి తగ్గిందా, కొత్త ఫిల్మ్ రోల్ వేశారా, ఒక వ్యాన్ ఆలస్యమైందా అని చూడాలి. అలాగే వరుసగా ఎనిమిది రోజులు అంకె సగటుకు ఒకే వైపున ఉంటే, హద్దు దాటకపోయినా ఏదో మారిందనే అర్థం. ఎరుపును ఈ రెండు సందర్భాలకే దాచుకోండి.

ఎండీ పెట్టిన 400 సంగతి ఏమిటి? దాన్ని రంగు లేని సన్న గీతగా గ్రాఫు మీద ఉంచండి. సగటు 410 ఆయనకు ఎక్కువ అనిపిస్తే అది న్యాయమైన అభిప్రాయమే. కానీ దాన్ని తగ్గించాలంటే సూపర్‌వైజర్‌ను రోజూ అడిగితే సరిపోదు. ఫిల్మ్ మందం మార్చడం, క్రేట్లు సర్దే తీరు మార్చడం, ఇండెంటు ఎక్కువ రాసే ఏజెంట్లతో మాట్లాడటం లాంటి, ఎండీ సంతకం అవసరమైన పనులు చేయాలి.

ఈ లెక్కకూ పరిమితులున్నాయి. పది రోజుల అంకెలతో వేసిన హద్దు తాత్కాలికం, ఇరవై రోజులు చేరాక మళ్లీ వేయాలి. పండగ రోజులను విడిగా పెట్టాలి. రుతువును బట్టి ఏటా పెరిగి తగ్గే అంకెకు ఇది నేరుగా పనికిరాదు. గేదె పాలు చలికాలంలో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ. సేకరణను నిరుటి డిసెంబరుతో పోల్చి మే నెలలో రంగులేస్తే తెర మొత్తం ఎర్రబడుతుంది, అందులో నిజంగా రైతులు వదిలేసిన ఒక సెంటర్ కలిసిపోతుంది. సేకరణకు నిరుటి ఇదే నెలతో పోలిక పెట్టండి, ఆరు సెంటర్లూ కలిసి ఎంత తగ్గాయో పక్కనే చూపించండి. అన్నీ ఇరవై శాతం తగ్గినప్పుడు ఒకటి నలభై తగ్గితే, మనిషిని పంపవలసింది అక్కడికి.

తెర సరిచేసిన తర్వాత హద్దులను ఎవరు మార్చవచ్చో కూడా రాసి పెట్టాలి. లేకపోతే ఎరుపు చికాకు పెట్టినప్పుడల్లా గీత జరుగుతుంది. కొత్త ప్యాకింగ్ మెషీన్ వచ్చి రిటర్నులు నిజంగానే తగ్గితే పాత హద్దులు పనికిరావు, కొత్తవి వేయాల్సిందే. అప్పుడు నిర్వచనం రాసిన వాక్యం కిందే మార్చిన తేదీ, కారణం, మార్చినవారి పేరు ఒక వరుసలో చేర్చండి. ఆరు నెలల తర్వాత గ్రాఫులో ఆ మెట్టు ఎందుకుందని అకౌంట్స్ మేడమ్ అడిగితే ఆ వరుస చూపిస్తే సరిపోతుంది.